పికప్ అన్న రాకపోతే N9 రాత్రి బస్సు ఎక్కమని ముందే చెప్పండి

లండన్‌కి వచ్చే మన తెలుగు స్టూడెంట్స్ కోసం వాట్సాప్ గ్రూపులు నడిపే సీనియర్లకి, వెల్‌కమ్ మీటింగులు పెట్టే మన సంఘాల వాళ్ళకి, ఇక్కడికి పిల్లల్ని పంపించే కన్సల్టెన్సీల వాళ్ళకి,

అన్నలకీ అక్కలకీ నమస్కారం. నేను ఈస్ట్ హామ్‌లో ఉంటాను, వచ్చి ఐదేళ్ళయింది, మీ గ్రూపుల్లో నేనూ ఉన్నాను. రూమ్ దగ్గర్నుంచి రైస్ కుక్కర్ దాకా అన్నీ మీరు చెప్తేనే నాకు తెలిసినయి, ఆ విశ్వాసం నాకుంది, దయచేసి ఇది తిట్టు అనుకోవద్దు. కానీ మీరందరూ ఇచ్చే లిస్టులో ఒక్క లైన్ మాత్రం మార్చాలి, ఎందుకు మార్చాలో వివరంగా చెప్పాలనే ఈ లెటర్ రాస్తున్నా.

ఆ లైన్ ఏంటంటే "హీత్రో పికప్ కావాలంటే ఫలానా అన్నకి మెసేజ్ చేయండి, యాభై పౌండ్లు". అంతే ఉంటది. ఫ్లైట్ లేటయితే ఏం చేయాలి, ఆ అన్న లేకపోతే ఏం చేయాలి అన్న ముక్క ఏ గ్రూపు పిన్ మెసేజ్‌లోనూ నాకు కనపడలేదు.

మొన్న సెప్టెంబర్‌లో మా పిన్ని కొడుకు మాస్టర్స్ కోసం వచ్చాడు. ఫ్లైట్ టైమ్ ప్రకారం మంగళవారం రాత్రి తొమ్మిదీ పదికి టెర్మినల్ 3లో దిగాలి. మధ్యలో మారే ఊర్లోనే లేటయింది, దిగేసరికి పదకొండూ ఇరవై. మన పాస్‌పోర్ట్‌తో కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ-గేట్లు పనిచేయవు కదా, ఆఫీసర్ ముందు క్యూలో నిలబడాల్సిందే, దాంతో అక్కడ గంట, బ్యాగుల దగ్గర ఇంకో పావుగంట, అన్నీ అయ్యి అరైవల్స్ హాల్లోకి వచ్చేసరికి పన్నెండూ యాభై. పికప్‌కి ఒప్పుకున్న మనిషికి పదకొండున్నరకి ఇంకో పికప్ ఉందంట, వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తట్లేదు. వీడి ఫోన్లో ఇంకా ఇక్కడి సిమ్ లేదు, ఎయిర్‌పోర్ట్ వైఫై పట్టుకుని నాకు వాట్సాప్ కాల్ చేశాడు.

"అక్కా, ఇక్కడొకాయన హిందీలో మాట్లాడుతున్నడు, ఎక్కడికి పోవాలి బేటా, నూటపది పౌండ్లకి దించుతా, కార్ పార్కింగ్‌లో ఉంది అంటున్నడు, పోనా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి నాకు గుండె ఆగినంత పనయింది. ఎందుకంటే వాడు అడిగే ముందు ఆయన వెంట నాలుగడుగులు వేసేసి ఉన్నాడు, బ్యాగు కూడా ఆయనే తోస్తున్నాడు. నేను ఫోన్లో అరిచినంత పని చేసి బ్యాగు తీసుకుని ఇన్ఫర్మేషన్ డెస్క్ పక్కన నిలబడమన్నా.

లండన్‌లో ఉన్న రూల్ చాలా సింపుల్, కానీ కొత్తగా వచ్చే పిల్లలకి ఎవరూ చెప్పరు. రోడ్డు మీద గానీ ఎయిర్‌పోర్ట్ ర్యాంక్‌లో గానీ ముందు బుకింగ్ లేకుండా మనుషుల్ని ఎక్కించుకునే హక్కు బ్లాక్ క్యాబ్‌కి మాత్రమే ఉంది. మిగతా ఏ కార్ అయినా, దాన్ని ఇక్కడ మినీక్యాబ్ అంటారు, లైసెన్స్ ఉన్న ఆపరేటర్ ద్వారా ముందే బుక్ అయ్యుండాలి, యాప్‌లో బుక్ చేసేవి కూడా ఈ లెక్కలోకే వస్తయి. అరైవల్స్ హాల్లోకి వచ్చి "ట్యాక్సీ, ట్యాక్సీ" అని అడిగే మనిషి, ఆయన కార్‌కి లైసెన్స్ ఉన్నా సరే, ఆ క్షణంలో చట్టం తప్పి నడుస్తున్నట్టే. బుకింగ్ లేని ఆ ప్రయాణానికి ఇన్సూరెన్స్ కూడా వర్తించదు. ఎవరి కార్లో ఎవరు ఎక్కారన్న రికార్డ్ ఎక్కడా ఉండదు. నూటపది పౌండ్లు పోవడం ఒక ఎత్తు, అర్ధరాత్రి ఎవరికీ తెలియని కార్లో కొత్త ఊర్లో పిల్లాడు ఉండటం ఇంకో ఎత్తు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మన గ్రూపుల్లో పికప్ చేసే అన్నల్లో చాలామంది మంచివాళ్ళే, నాకు తెలుసు, కొందరు చలిలో గంటలు గంటలు వెయిట్ చేసి మరీ తీసుకొచ్చారు. కానీ ఫ్రెండ్‌ని ఊరికే తీసుకురావడం వేరు, గ్రూపులో రేటు పెట్టి రోజుకి ముగ్గుర్ని తీసుకురావడం వేరు. డబ్బులు తీసుకుని మనుషుల్ని తిప్పాలంటే డ్రైవర్‌కి, కార్‌కి, బుకింగ్ తీసుకునే వాళ్ళకి మూడింటికీ లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ లైసెన్స్ ఉండాలి, 1998 నుంచి దీనికి చట్టమే ఉంది. మామూలు కార్ ఇన్సూరెన్స్‌లో కిరాయికి తిప్పడం కవర్ కాదు. దారిలో చిన్న యాక్సిడెంట్ అయిందంటే అన్న పరిస్థితీ ఘోరమే, వెనక కూర్చున్న పిల్లల పరిస్థితీ ఘోరమే. లైసెన్స్ ఉందో లేదో తెలుసుకోవడం పెద్ద పని కాదు, కార్ ముందు అద్దానికి, వెనక అద్దానికి టీఎఫ్ఎల్ గుండ్రటి లైసెన్స్ స్టిక్కర్ ఉంటది, డ్రైవర్‌కి ఫోటో ఉన్న బ్యాడ్జ్ ఉంటది. మీరు గ్రూపులో నంబర్ పెట్టే ముందు ఈ రెండూ అడగండి. లేవంటే ఆ నంబర్ తీసేయండి, మొహమాటపడొద్దు.

సరే, మా వాడి సంగతికి వస్తా. రాత్రి ఒంటిగంట, మంగళవారం, హీత్రో నుంచి ఈస్ట్ హామ్. మధ్యలో లండన్ మొత్తం ఉంది, పడమర చివర నుంచి తూర్పు వైపుకి. ట్యూబ్, అంటే పికడిలీ లైన్, వారం మధ్యలో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతది. ఎలిజబెత్ లైన్ కూడా దాదాపు అదే టైమ్‌కి. మన ఫ్లైట్లు లేటయ్యి పదకొండు దాటాక దిగితే మనం ఇమిగ్రేషన్ క్యూలో నిలబడి ఉన్నప్పుడే ఆఖరి ట్రైన్లు వెళ్ళిపోతయి, ఇదే అసలు చిక్కు. అందుకే పిల్లలు దిగే టైమ్ చూడొద్దు, దిగిన టైమ్‌కి గంటన్నర కలిపి ఆ టైమ్‌కి ఏం దొరుకుతదో చూడాలి.

ఆ టైమ్‌కి దొరికేది N9. ఇది మామూలు ఎర్ర డబుల్ డెక్కర్ బస్సే, రాత్రి బస్సులకి ముందు N ఉంటది. టెర్మినల్ 5 నుంచి బయల్దేరి హీత్రో సెంట్రల్ బస్ స్టేషన్‌కి వచ్చి, అక్కణ్ణుంచి హౌన్స్‌లో, హ్యామర్‌స్మిత్, కెన్సింగ్టన్, హైడ్ పార్క్ కార్నర్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాటి ఆల్డ్‌విచ్ దాకా వెళ్తది. ఇంచుమించు ఇరవై నిమిషాలకొకటి, రాత్రంతా, వారంలో ఏడు రోజులూ. సెంటర్‌కి చేరడానికి గంటా పదిహేను నిమిషాల దాకా పడతది. టికెట్ ఎంతో తెలుసా, 2025 రేట్ల ప్రకారం ఒక పౌండ్ డెబ్బైఐదు పెన్నీలు. అవే రేట్ల ప్రకారం పగలు ట్యూబ్‌లో సెంటర్‌కి అయిదు పౌండ్ల ఎనభై, ఎలిజబెత్ లైన్‌లో పదమూడు పౌండ్ల తొంభై, మరి ఇది ట్యూబ్ రేటులో మూడో వంతు కూడా కాదు, ఎలిజబెత్‌తో పోలిస్తే ఎనిమిదో వంతు. అర్ధరాత్రి బ్లాక్ క్యాబ్ అంటే మీటర్ రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా ఉండే అన్నిటికన్నా పెద్ద రేటు మీద తిరుగుతది, సెంటర్‌కే ఎంతో అవుతది, ఈస్ట్ హామ్ దాకా అయితే స్టూడెంట్‌కి నెల కిరాణా ఖర్చు అక్కడే పోతది. బ్లాక్ క్యాబ్ సేఫే, అందులో నాకు అనుమానం లేదు, ఖరీదు ఒక్కటే సమస్య.

టెర్మినల్ 2, 3 రెండిట్లో దిగినవాళ్ళూ బయట రోడ్డు మీదకి పోవాల్సిన పని లేదు, లోపల్నుంచే అండర్‌గ్రౌండ్ దారి ఉంది, సెంట్రల్ బస్ స్టేషన్ అని బోర్డులు చూసుకుంటూ ట్రాలీ తోసుకుంటూ పోవచ్చు. టెర్మినల్ 5 వాళ్ళకి అక్కడ్నుంచే N9 బయల్దేరతది. టెర్మినల్ 4 వాళ్ళకే ఇబ్బంది, N9 అక్కడికి రాదు. ట్రైన్లు నడిచే టైమ్‌లో అయితే టెర్మినల్స్ మధ్య ఫ్రీగా మారొచ్చు, అవి ఆగాక అయితే ఆ టెర్మినల్ నుంచి అప్పటికి ఏ బస్సు ఉందో TfL Go యాప్‌లో చూసుకోవాలి. టికెట్ మీద టెర్మినల్ 4 అని ఉన్న పిల్లలకి ఈ సంగతి విడిగా చెప్పండి, ఇండియాలో ఉన్నప్పుడే.

మా వాడు బస్ స్టేషన్‌కి పోయాడు, బస్సు వచ్చింది, ఎక్కాడు, కార్డ్ పెట్టాడు, మెషిన్ ఎర్ర లైట్ చూపించింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఎరుపు. జేబులో నలభై పౌండ్ల నోట్లున్నయి, డ్రైవర్‌కి చూపించాడు, తీసుకోలేదు. లండన్ బస్సుల్లో 2014 నుంచి క్యాష్ తీసుకోరు, డ్రైవర్ దగ్గర చిల్లర పెట్టె కూడా ఉండదు. దిగిపోయాడు. బస్సు వెళ్ళిపోయింది. ఫోన్లో వాడి గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

ఈ కార్డ్ ముక్క గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇది ఇండియాలో ఐదు నిమిషాల పని, ఇక్కడ అర్ధరాత్రి అయితే గంట పని. బస్సులో కావాల్సింది కాంటాక్ట్‌లెస్ కార్డ్, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ, లేదంటే ఓయిస్టర్ కార్డ్. రుపే కార్డ్ బస్సు మెషిన్ తీసుకోదు. మన బ్యాంకులు ఇచ్చే డెబిట్, క్రెడిట్ కార్డులకి 2020 మార్చి నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం కొత్త కార్డ్ వచ్చినప్పుడు దేశంలో ఏటీఎంకి, స్వైప్‌కి మాత్రమే పనిచేస్తది, ఇంటర్నేషనల్ అనేదీ కాంటాక్ట్‌లెస్ అనేదీ మనమే బ్యాంక్ యాప్‌లోకి పోయి ఆన్ చేసుకోవాలి. రెండూ వేర్వేరు బటన్లు. చాలామంది ఇంటర్నేషనల్ ఒక్కటి ఆన్ చేసి అయిపోయిందనుకుంటారు. ఇక్కడికొచ్చాక ఆన్ చేద్దామంటే ఓటీపీ ఇండియా నంబర్‌కి వస్తది, ఆ సిమ్‌కి రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు, అక్కడితో దారి మూసుకుపోయినట్టే.

మా వాడిది ఫారెక్స్ కార్డ్. యాప్‌లో చూస్తే కాంటాక్ట్‌లెస్ ఆన్‌లోనే ఉంది, పౌండ్లు లోడ్ అయి ఉన్నయి. మరెందుకు పని చేయలేదంటే, కొత్త కార్డుల్లో చాలావాటికి ముందు ఒకసారి చిప్ పెట్టి పిన్ కొడితే గానీ ట్యాప్ పనిచేయడం మొదలవదు. ఇది నాకూ వచ్చిన కొత్తలో జరిగింది కాబట్టి గుర్తొచ్చింది. వెనక్కి టెర్మినల్‌లోకి పోయి ఏటీఎంలో పది పౌండ్లు తీయమన్నా. పిన్ ఎక్కడ పెట్టాడో వెతుక్కుని, తీసి, మళ్ళీ బస్ స్టేషన్‌కి వచ్చి, తర్వాత బస్సు ఎక్కి పెడితే పచ్చ లైట్ వచ్చింది. "అక్కా, ఓకే అయింది" అన్నాడు, టైమ్ ఒకటీ ముప్ఫై ఐదు.

కాబట్టి పిల్లలకి చెప్పండి, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు తీసుకున్నాక ఎక్కడో ఒకచోట, నీళ్ళ బాటిల్ కొనో ఏటీఎంలోనో, ఒకసారి చిప్ పెట్టి పిన్ కొట్టి ఆ తర్వాతే బస్సు దగ్గరికి పొమ్మని. పిన్ గుర్తు పెట్టుకొమ్మని. ఇంకోటి, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి వస్తే ఒకే కార్డుతో ఇద్దరికీ ట్యాప్ చేయడం కుదరదు, మనిషికొక కార్డ్ ఉండాలి. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే పెట్టాలి, దిగేటప్పుడు పెట్టొద్దు. ట్యూబ్‌లో మాత్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పెట్టాలి, దిగేటప్పుడు మర్చిపోతే ఎక్కువ కట్ అవుతది.

బ్యాగుల గురించి దాచకుండా చెప్తా. రెండు ఇరవైమూడు కేజీల సూట్‌కేసులు, ఒక క్యాబిన్ బ్యాగు, భుజానికి లాప్‌టాప్, మన పిల్లలందరూ ఇలాగే వస్తారు, వాటిల్లో సగం పచ్చళ్ళూ పొడులే. N9 మామూలు సిటీ బస్సు, సామాన్లకి పెద్దగా చోటు ఉండదు. మధ్యలో వీల్‌చైర్ కోసం వదిలిన ఖాళీ ఉంటది, రాత్రి పూట అది ఖాళీగా ఉంటే అక్కడ పెట్టి పక్కనే నిలబడొచ్చు, కానీ వీల్‌చైర్‌లో ఎవరన్నా వస్తే తీసేయాలి, బస్సు నిండుగా ఉంటే డ్రైవర్ వద్దనే హక్కు ఉంది. మా వాడికి ఆ రోజు బస్సు దాదాపు ఖాళీ, డ్రైవర్ ఏమనలేదు. కింద డెక్‌లోనే, డ్రైవర్‌కి కనపడేట్టు కూర్చోమని చెప్పా. బస్సులో కెమెరాలుంటయి, వచ్చే స్టాప్ పేరు మైక్‌లో చెప్తది, పైన బోర్డు మీద కూడా కనపడతది, కాబట్టి ఊరు తెలియకపోయినా దిగాల్సిన చోటు తప్పిపోదు. నిద్ర పట్టకుండా చూసుకుంటే చాలు.

అసలు కష్టం సెంటర్‌లో బస్సు మారడం. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర రాత్రి బస్సులన్నీ కలుస్తయి, స్టాపులు చాలా ఉంటయి, ప్రతి స్టాప్‌కి ఒక అక్షరం ఉంటది, ఏ బస్సు ఏ అక్షరం దగ్గర ఆగుతదో బోర్డు మీద రాసి ఉంటది. పగలైతే ఎవర్నన్నా అడగొచ్చు, రాత్రి రెండున్నరకి రెండు సూట్‌కేసులతో కొత్త పిల్లాడు అక్షరాలు వెతుక్కుంటూ తిరగడం నాకు నచ్చలేదు. అందుకే నేనే వెళ్ళా. మాకు కార్ లేదు. ఈస్ట్ హామ్ నుంచి N15 ఎక్కితే బార్కింగ్ రోడ్ మీదుగా, కానింగ్ టౌన్, పాప్లర్ దాటి ఆల్డ్‌విచ్, ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వస్తది. ఒకటీ నలభై ఐదుకి ఇంట్లోంచి బయల్దేరా, రెండూ నలభైకి అక్కడ దిగా, వాడు ఇంకో పది నిమిషాలకి N9లో దిగాడు. ఇద్దరం చెరొక సూట్‌కేస్ పట్టుకుని మళ్ళీ N15 ఎక్కి మూడూ యాభై కల్లా ఇంట్లో ఉన్నం.

లెక్క చూడండి. మొదటి ట్యాప్ చేసిన గంట లోపు ఇంకో బస్సు ఎక్కితే రెండోది ఫ్రీ, దాన్నే హాపర్ అంటారు. కానీ N9 ప్రయాణమే గంట దాటతది కాబట్టి N15కి మళ్ళీ ఒకటీ డెబ్బైఐదు కట్టాల్సి వచ్చింది. వాడికి మూడున్నర పౌండ్లు. నాకు వెళ్ళిరావడానికి ఇంకో మూడున్నర కూడా పడిందనుకున్నా, మొత్తం ఏడు. అదే రాత్రి ఆ హాల్లో అడిగింది నూటపది.

అందుకే నేను మిమ్మల్ని అడిగేది ఇదీ. మీరు హీత్రో దాకా పోలేకపోయినా సెంటర్ దాకా పోండి, లేదంటే పిల్లలు దిగే ఆఖరి స్టాప్ దాకా అన్నా పోండి. మన గ్రూపుల్లో ఈస్ట్ హామ్‌లో, ఇల్ఫర్డ్‌లో, హౌన్స్‌లోలో, హారోలో ఉండేవాళ్ళు వందలమంది ఉన్నరు. రాత్రి ఒక్కరు మేలుకుని, ఫోన్ దగ్గర పెట్టుకుని, బస్సు ఎక్కావా, ఏ స్టాప్ దాటావు అని అడుగుతుంటే ఆ పిల్లలకి ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో రెండు వారాలు, జనవరిలో ఒక వారం, ఏరియాకి నలుగురు వంతులేసుకుంటే ఎవరికీ వారంలో రెండు రాత్రులకి మించి పడదు. నేను ఈస్ట్ హామ్ వైపు చేస్తా, నా పేరు రాసుకోండి.

హౌన్స్‌లోకి వచ్చేవాళ్ళకి ఈ గొడవే లేదు, N9 అదే దారిలో పోతది, మారాల్సిన పని ఉండదు. శుక్రవారం, శనివారం రాత్రులైతే ఇంకా తేలిక, ఆ రెండు రాత్రులూ పికడిలీ లైన్ తెల్లార్లూ నడుస్తది, పది నిమిషాలకొకటి, టెర్మినల్ 2, 3 స్టేషన్ నుంచీ టెర్మినల్ 5 నుంచీ. టెర్మినల్ 4కి మాత్రం రాత్రి రాదు. తూర్పు వైపు పోయేవాళ్ళు లెస్టర్ స్క్వేర్‌లో దిగి నడిచి ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వచ్చి N15 ఎక్కొచ్చు, బస్సు కన్నా డబ్బులెక్కువ గానీ టైమ్ బాగా తగ్గుద్ది. ట్యూబ్‌లో ఎవరన్నా ఇబ్బంది పెడితే 61016కి మెసేజ్ పెట్టొచ్చు, అది రైల్వే పోలీసులది, బస్సులో గానీ రోడ్డు మీద గానీ ప్రమాదం అనిపిస్తే 999. ఈ రెండు నంబర్లూ పిల్లల ఫోన్లో సేవ్ చేయించండి.

బస్సే అన్నిటికీ మందు అని నేను అనట్లేదు. ఒంట్లో బాలేకపోతే, లేదా ఒక్క ఆడపిల్ల మూడు బ్యాగులతో వచ్చి దిగే స్టాప్‌లో ఎవరూ లేకపోతే, ఆ రాత్రికి బస్సు మంచిది కాదని నా అభిప్రాయం. స్టాప్ దాకా సమస్య ఉండదు, స్టాప్ నుంచి ఇంటికి నడిచే పది నిమిషాలే నాకు భయం, చుట్టూ ఎవరూ ఉండరు, చేతులు రెండూ బ్యాగుల మీద ఉంటయి, ఫోన్ చూసుకుంటూ నడిస్తే లాక్కుని పోయే వాళ్ళున్నరు. అలాంటప్పుడు రెండు దార్లున్నయి. ముగ్గురు నలుగురు ఒకే ఫ్లైట్‌లో వస్తుంటే లైసెన్స్ ఉన్న మినీక్యాబ్ పెద్దది ఒకటి ముందే బుక్ చేసుకుని ఖర్చు పంచుకోవడం, బుక్ చేసేటప్పుడు ఫ్లైట్ నంబర్ ఇవ్వాలి, అప్పుడు ఫ్లైట్ లేటయినా ల్యాండ్ అయిన టైమ్ వాళ్ళే చూసుకుంటారు, వెయిటింగ్‌కి ఎన్ని నిమిషాలు ఫ్రీ, ఆ తర్వాత ఎంత అన్నది ముందే రాతపూర్వకంగా అడగాలి. డ్రైవర్ వచ్చాక "నువ్వు ఎవరి కోసం వచ్చావో చెప్పు" అని వాడి నోటితోనే మన పేరు చెప్పించుకోవాలి, మన పేరు మనం ముందు చెప్పకూడదు. నంబర్ ప్లేట్ బుకింగ్ మెసేజ్‌తో కలిసిందో లేదో చూసి ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి.

రెండో దారి, తెల్లారేదాకా ఆగడం. రాత్రి రెండు గంటలకి బయటపడ్డ పిల్లలకి నేను ఇదే చెప్తా. బయట చలిలో కాదు, అరైవల్స్ హాల్లో మనుషులున్న చోట, వెలుతురున్న చోట, బ్యాగులకి కాలు తగిలించి కూర్చుంటే మూడు గంటలు గడిచిపోతయి. ఐదు దాటాక పికడిలీ లైన్ మొదలవుతది. ఈస్ట్ హామ్ పిల్లలకి నేను మరీ ఇష్టంగా చెప్పేది ఏంటంటే, హ్యామర్‌స్మిత్‌లో దిగితే అదే ప్లాట్‌ఫామ్ అవతలి వైపే డిస్ట్రిక్ట్ లైన్ వస్తది, మెట్లెక్కాల్సిన పని లేదు, అటు నుంచి ఇటు నాలుగడుగులు. ఆ ట్రైన్ తిన్నగా ఈస్ట్ హామ్‌కి పోతది. దాదాపు ఆరు పౌండ్లు. రెండు పెద్ద సూట్‌కేసులున్నవాళ్ళకి రాత్రి రెండు బస్సుల కన్నా ఇదే నయం, ఒప్పుకుంటా. ఇంట్లో అమ్మానాన్నలు అక్కడ ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, "ఇంకా ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నావా" అని కంగారుపడతారు, వాళ్ళకి కూడా ముందే చెప్పి ఉంచాలి, ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోవడం భయపడాల్సిన విషయం కాదని. మా పిన్ని ఆ రాత్రి ఖమ్మంలో తెల్లారి ఐదున్నర అవుతున్నా దేవుడి గదిలోంచి లేవలేదు. ఎవరో తెలిసిన కార్ దొరికిందంటే చాలు ఎక్కెయ్ అని చెప్పేవాళ్ళు ఎక్కువగా ఇంట్లోవాళ్ళే, పాపం వాళ్ళకి తెలియక.

కన్సల్టెన్సీల వాళ్ళకి ఒక మాట. మీరు ప్రీ-డిపార్చర్ మీటింగ్ పెట్టి బ్యాగులో ఏం సర్దుకోవాలో రెండు గంటలు చెప్తారు. అందులో పది నిమిషాలు తీసి, ప్రతి పిల్లాడి చేతా అక్కడే ఫోన్ తీయించి కార్డ్‌కి ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయించండి, ఇండియా సిమ్‌కి మొదటి రెండు రోజులకన్నా రోమింగ్ వేయించండి, పోయే చోటికి N9 నుంచి ఏ బస్సు మారాలో స్క్రీన్‌షాట్ తీయించండి, వైఫై లేకపోయినా తెరుచుకునేట్టు. టికెట్ బుక్ చేసేటప్పుడు కూడా కొంచెం ఆలోచించండి, రాత్రి తొమ్మిది తర్వాత దిగే ఫ్లైట్ నాలుగు వేలు తక్కువకి వస్తుందని అదే ఇప్పిస్తారు. గంట లేటయితే ఆ పిల్లాడు ట్రైన్ మిస్సవుతాడు. మధ్యాహ్నం దిగే ఫ్లైట్ ఐదు గంటలు లేటయినా ట్యూబ్ దొరుకుతది.

సీనియర్లూ, మీ పిన్ మెసేజ్‌లో పికప్ అన్న నంబర్ ఉన్న చోట ఇది పెట్టమని అడుగుతున్నా, నేను రాసిపెట్టా, మీ ఏరియాకి తగ్గట్టు బస్సు పేరు మార్చుకోండి:

"హాల్లో ఎవరొచ్చి ట్యాక్సీ కావాలా అన్నా వద్దని చెప్పి ముందుకు పోండి. ఏటీఎంలో ఒకసారి పిన్ కొట్టండి. ఆఖరి ట్రైన్ వెళ్ళకముందైతే ట్యూబ్, వెళ్ళిపోతే సెంట్రల్ బస్ స్టేషన్ నుంచి N9, శుక్ర శని రాత్రులు ఎప్పుడైనా ట్యూబ్. బస్సులో క్యాష్ తీసుకోరు. బ్యాగులు ఎక్కువైతే, లేదా టైమ్ రాత్రి రెండు దాటితే, అరైవల్స్‌లోనే కూర్చుని ఐదు తర్వాత ట్యూబ్ ఎక్కండి. బయల్దేరేటప్పుడు గ్రూపులో మెసేజ్ పెట్టండి, ఈ రాత్రి మేలుకుని ఉండేది ఫలానా అక్క లేదా అన్న."

ఆఖరి లైన్‌లో ఆ ఫలానా దగ్గర పేరు ఖాళీగా వదలొద్దు. జనవరి ఇన్‌టేక్ పిల్లలు క్రిస్మస్ అవ్వగానే దిగడం మొదలుపెడతారు, ఇంకొక్క సంగతి, క్రిస్మస్ రోజు లండన్‌లో ట్యూబులూ బస్సులూ ఏవీ నడవవు, ఆ తేదీకి టికెట్ తీసుకున్న పిల్లలెవరన్నా మీ గ్రూపులో ఉంటే ఇప్పుడే అడిగి తెలుసుకోండి, వాళ్ళకి లైసెన్స్ ఉన్న క్యాబ్ ముందే బుక్ చేసి పెట్టాలి.

ఇట్లు,
ఈస్ట్ హామ్ నుంచి మీ గ్రూపులోని ఒక అక్క